వార్డెన్ చూసింది ఒకటి, అమ్మ విన్నది ఒకటి

ఇంటర్ ఫస్టియర్ చదివే అబ్బాయి. 16 ఏళ్లు. ఊళ్లో తెలుగు మీడియంలో టెన్త్ పాసై, జిల్లా కేంద్రంలోని రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరాడు. నవంబరు రెండో వారానికి మెస్‌లో వడ్డించే ఆవిడకు ఒక సంగతి కనిపించింది. అందరూ తిని వెళ్లిపోయాక గానీ ఈ అబ్బాయి రావడం లేదు, కొన్ని పూటలు అసలు రావడమే లేదు. వార్డెన్‌కు ఇంకొకటి కనిపించింది. తెల్లవారుజామున మూడింటికి కారిడార్‌లో తిరుగుతున్నాడు, అడిగితే నిద్ర పట్టలేదన్నాడు. ఫిజిక్స్ లెక్చరర్‌ చేతికి వీకెండ్ టెస్టు పేపరు దాదాపు ఖాళీగా వచ్చింది. ఆదివారం ఫోన్లో అమ్మ విన్నది వేరే: "నా మీద అంత డబ్బు దండగమ్మా. తమ్ముణ్ని చదివించుకోండి." పక్క మంచం కుర్రాడికి తన వాచీ ఇచ్చేసి, "నువ్వే ఉంచుకోరా, నాకెందుకు" అన్నాడు.

ఈ అబ్బాయి ఫలానా ఊరివాడని వెతకనక్కర్లేదు. హాస్టళ్లలో పదే పదే కనిపించే సంగతులను ఒకచోట చేర్చి చెబుతున్న ఉదాహరణ ఇది. ఇందులో నన్ను కలవరపెట్టేది ఒకటే. అయిదుగురు అయిదు సంగతులు చూశారు. వేటికవి చూస్తే చిన్నవే. తిండి సహించలేదేమో, ఇంటిమీద బెంగేమో, సిలబస్ భారమేమో అనుకుని ఎవరికి వారు సర్దుకున్నారు. ఎవరూ ఇంకొకరికి చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆ అయిదూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండి ఉంటే, చదివిన ఎవరైనా ఆ సాయంత్రమే అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టేవారు.

అసలు జరిగింది ఇది. సెప్టెంబరులో క్లాసులో సెమినార్ చెబుతూ ఇంగ్లిష్‌లో తడబడ్డాడు. ఎవరో దొంగచాటుగా తెచ్చుకున్న ఫోన్‌లో దాన్ని వీడియో తీశారు. వెనక సినిమా పాట పెట్టి సెక్షన్ వాట్సాప్ గ్రూపులో వేశారు. తడబడిన ఆ మాటే అతని పేరైపోయింది. తర్వాత బకెట్ దాచడం, దుప్పటి తడిపేయడం, మెస్‌లో పక్కన కూర్చోబోతే అందరూ లేచిపోవడం మొదలయ్యాయి. కొట్టింది లేదు కాబట్టి ఒంటి మీద చూపించడానికి దెబ్బ లేదు. అక్టోబరులో ఒకసారి వార్డెన్‌కు చెప్పుకున్నాడు. ఆయన అందరినీ వరండాలో నిలబెట్టి తిట్టాడు. ఆ రాత్రి నుంచి అది ఇంకా ఎక్కువైంది.

బాధ ఎక్కడ ప్రమాదంగా మారుతుంది

తోటివాళ్ల వేధింపుకు గురయ్యే పిల్లల్లో చాలామంది నలుగురిలోకి రావడం తగ్గిస్తారు. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటారు. పుస్తకాలు పోయాయంటారు, బట్టలు చిరిగాయంటారు. అవి బాధకు గుర్తులు. వాటిని పట్టించుకోవాలి. అయితే ప్రాణం మీదికి వస్తోందని చెప్పే గుర్తులు వేరుగా ఉంటాయి, వాటిని విడిగా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదటిది మాట. "నేను భారం", "ఇంక దారి లేదు", "నేను లేకపోతే మీకే బాగుంటుంది" అనే అర్థం వచ్చే మాట ఏ రూపంలో వచ్చినా సరే. మన ఇళ్లల్లో కోపంలో "చస్తాను" అనడం మామూలే కాబట్టి చాలామంది దాన్ని చెవిన పెట్టరు. నిజానికి పిల్లలు ఎక్కువసార్లు చావు అనే మాటే వాడరు. డబ్బు దండగ, తమ్ముణ్ని చదివించండి అంటారు. ఇలా తననే లెక్కలోంచి తీసేసుకునే మాట వినబడితే దాన్ని దాటేయకూడదు. రెండోది చేత. ఇష్టమైన వస్తువులు పంచేయడం, వరుసగా అందరికీ సారీ చెప్పడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం, ఎప్పుడూ లేనిది మద్యం ముట్టుకోవడం. మూడోది నిద్ర. వరుసగా కొన్ని రాత్రులు నిద్ర లేకపోవడాన్ని పెద్దలు పరీక్షల ఖాతాలో వేసేస్తారు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లవాడికి నిద్ర కూడా పోతే ప్రమాదం పెరుగుతుంది.

మగపిల్లల విషయంలో ఇంకో మాట చెప్పాలి. వాళ్లలో దిగులు చాలాసార్లు కోపంగా బయటపడుతుంది. గోడకు గుద్దడం, చిన్నదానికి తమ్ముడి మీద విరుచుకుపడటం, లెక్చరర్‌కు ఎదురు చెప్పడం చూసి క్రమశిక్షణ లేదని శిక్షిస్తాం. ఒకవైపు వేధింపు పడుతూ, మరోవైపు తనకన్నా చిన్నవాళ్లను వేధించే పిల్లలుంటారు. వాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. "వీడే అందర్నీ ఏడిపిస్తాడు" అన్న పేరు ముందే ఉంటుంది కాబట్టి వాళ్ల మీద ఎవరికీ జాలి కలగదు.

చాలా రోజులు అల్లాడిన పిల్లవాడు ఏ కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించినా హమ్మయ్య అనుకోకూడదు. వేధింపు నిజంగా ఆగిందా, ఏదైనా మారిందా అని చూడాలి. ఏమీ మారకుండా వచ్చిన ప్రశాంతతను ప్రమాదంగానే లెక్కవేసి, ఆ రోజే మాట్లాడాలి.

ఈ గుర్తుల జాబితాతో ఎవరు ఏం చేసుకుంటారో ముందుగా చెప్పడం మానసిక వైద్యులకు కూడా సాధ్యం కాదు. కొందరు పిల్లల్లో ఏ గుర్తూ బయటికి కనిపించదు. అన్ని గుర్తులూ ఉన్న చాలామంది క్షేమంగా బయటపడతారు. గుర్తులు మనకు చెప్పేది ఒక్కటే: ఇప్పుడు అడగాలి.

అడిగే తీరు

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనలో చాలామందికి భయం. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 6 హైస్కూళ్లకు చెందిన రెండు వేల మందికి పైగా విద్యార్థులపై దీన్ని పరీక్షించి చూశారు. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినవాళ్లలో ఆందోళన గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే దిగులుతో ఉన్న పిల్లలకైతే అడిగాక మనసు కొంత తేలికైంది.

మన దగ్గర అడగకపోవడం కన్నా అడిగే తీరులోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడుగుతాం. అందులోనే జవాబు ఉంది. పిల్లవాడు "లేవు సార్" అంటాడు, మనం ఊపిరి పీల్చుకుంటాం.

మన ఉదాహరణలో ఫిజిక్స్ లెక్చరర్‌కు మెస్ ఆవిడ మాటల్లో మాటగా చెప్పింది. ఆయన వార్డెన్‌ను అడిగాడు. ఆ రాత్రి స్టడీ అవర్‌లో అబ్బాయిని ఖాళీగా ఉన్న స్టాఫ్ రూముకు పిలిచాడు. మంచినీళ్లు ఇచ్చి, టేబుల్‌కు ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాడు.

"రెండు వారాలుగా నువ్వు సరిగా తినట్లేదు, రాత్రిళ్లు పడుకోవట్లేదు నాన్నా. నాకు దిగులుగా ఉంది. ఏం జరుగుతోంది?"

"ఏం లేదు సార్."

"సరే. కాసేపు ఇక్కడే కూర్చుందాం. తొందరేం లేదు."

కొన్ని నిమిషాలు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత అబ్బాయే అన్నాడు: "పేర్లు చెప్తే మీరు ప్రిన్సిపాల్ సార్‌కి చెప్తారు. రాత్రికి ఆ రూములో ఉండేది నేను కదా సార్."

హాస్టల్ పిల్లలు నోరు విప్పకపోవడానికి పెద్ద కారణం ఈ మాటలోనే ఉంది. చెప్పిన తర్వాత వచ్చే రాత్రి సంగతి ఎవరూ ఆలోచించరు. లెక్చరర్ దానికి ముందు జవాబిచ్చాడు. "ఈ రాత్రి నువ్వు ఆ రూములో పడుకోనక్కర్లేదు. నీకు చెప్పకుండా వాళ్లను పిలవను. కానీ ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వలేను. నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే సాయం చేయగలిగినవాళ్లకు చెప్పి తీరాలి. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తాను." రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి తర్వాత తప్పితే, ఆ పిల్లవాడు మళ్లీ ఏ పెద్దమనిషికీ ఏదీ చెప్పడు.

వీడియో సంగతి, బకెట్ సంగతి వచ్చాయి. లెక్చరర్ మధ్యలో అడ్డు రాలేదు. "మగపిల్లాడివి, ఈ మాత్రానికేనా" అనలేదు. "వాళ్లు ముగ్గురేనా, నలుగురు కదూ" లాంటి ప్రశ్నలతో జవాబు అందించలేదు. "తర్వాత ఏమైంది?" అనే అన్నాడు. చివరికి సూటిగా అడిగాడు.

"ఇంత బాధలో ఉన్నప్పుడు కొందరికి చనిపోవాలనిపిస్తుంది. నీకు అనిపించిందా?"

"అప్పుడప్పుడు సార్."

"ఈ మధ్య ఎప్పుడు?"

"నిన్న రాత్రి."

"ఎలా అన్నది ఆలోచించావా? దానికి ఏదైనా దగ్గర పెట్టుకున్నావా?"

"ఆలోచించాను. ఏమీ పెట్టుకోలేదు. అమ్మ గుర్తొచ్చింది."

"ఈ రాత్రి చేసుకోవాలని ఉందా?"

"లేదు సార్. భయంగా ఉంది."

ఈ నాలుగైదు ప్రశ్నల వరుస ముఖ్యం. ఆలోచన ఉందా, ఎంత దగ్గరలో వచ్చింది, దారి ఆలోచించాడా, సిద్ధం చేసుకున్నాడా, ఇప్పుడే చేయాలని ఉందా. ఏదైనా దగ్గర పెట్టుకున్నానన్నా, ఈ రాత్రే అన్నా, ఇప్పటికే ఏదైనా చేసుకున్నా ఇంక మాట్లాడుతూ కూర్చునే సమయం కాదు. 108కు ఫోన్ చేసి, తోడుగా ఉండి ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి. మన అబ్బాయిది దానికి ఒక మెట్టు ముందు. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు, తల్లిదండ్రులకు వెంటనే చెప్పాలి, మరునాడే మానసిక వైద్యుడికి చూపించాలి. లెక్చరర్ వేసిన అంచనా ఆ ఒక్క రాత్రి ఏం చేయాలో తేల్చుకోవడానికే, ప్రమాదం ఎంతో తేల్చాల్సింది డాక్టరు.

ఆయన అబ్బాయితో కలిసే 14416కు ఫోన్ చేశాడు. అది 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. స్పీకర్‌లో పెట్టకుండా ఫోన్ అబ్బాయికే ఇచ్చి తాను గదిలోనే ఉన్నాడు. తర్వాత తండ్రికి ఫోన్. తండ్రి మొదట అన్నది చాలామంది అనేదే: "వాడికి చదువంటే బద్ధకం సార్, భయపెడుతున్నాడు." లెక్చరర్ వాదించలేదు. "పొద్దున మొదటి బస్సుకు రండి. రాగానే ఫీజు మాట, మార్కుల మాట వద్దు. ఇప్పుడు ఫోన్లో అమ్మను రెండు మాటలు మాట్లాడమనండి" అన్నాడు. ఆస్పత్రికి వెళితే పోలీసు కేసవుతుందేమోనని తండ్రి భయపడ్డాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అందుకు శిక్షించకూడదు. ప్రయత్నమే చేయని ఈ అబ్బాయి విషయంలో ఆ భయానికి అసలు చోటే లేదు.

ఆ రాత్రి అబ్బాయి సిక్ రూములో పడుకున్నాడు, పక్క మంచం మీద అసిస్టెంట్ వార్డెన్. గదిలో హాని చేసే వస్తువులేమైనా ఉన్నాయేమో చూసి తీసేశారు, టెర్రస్ తలుపుకు తాళం వేశారు. ఇంట్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. మాత్రలు, పొలం మందులు పిల్లవాడి చేతికి అందకుండా తాళంలో పెట్టి, తాళంచెవి పెద్దల దగ్గర ఉంచుకోవాలి. ఆ ఆలోచన తీవ్రంగా వచ్చే సమయం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

ఆ రాత్రే రాయాల్సిన కాగితం

ఇలాంటి సందర్భాల్లో కాలేజీ రిజిస్టర్లలో సాధారణంగా కనిపించే రాత ఇలా ఉంటుంది:

"విద్యార్థి చదువు ఒత్తిడి వల్ల డిప్రెషన్‌లో ఉన్నాడు. సున్నిత మనస్కుడు. కౌన్సెలింగ్ ఇచ్చాం. పరిస్థితి అదుపులో ఉంది."

ఇందులో చూసిన సంగతి ఒక్కటీ లేదు. డిప్రెషన్ అనేది డాక్టరు చెప్పాల్సిన మాట. చదువు ఒత్తిడి రాసినవారి ఊహ, పైగా వేధింపును అది కప్పేసింది. ఏ ఒక్క కారణాన్నీ ఇదేనని రాయకూడదు, ఇలాంటి స్థితికి సాధారణంగా ఒకటికి మించిన కారణాలుంటాయి. సున్నిత మనస్కుడు అనడం తప్పును పిల్లవాడి మీదికే నెడుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారో, తర్వాత ఎవరేం చేయాలో లేదు. రేపు కొత్త వార్డెన్ వచ్చి చదివితే అతనికి తెలిసేది శూన్యం.

మన లెక్చరర్ అబ్బాయిని సిక్ రూముకు పంపిన వెంటనే, రాత్రి పదింటికి రాసింది ఇది:

"18-11-2025, మంగళవారం. రాత్రి 8.40 నుంచి 9.20. స్టాఫ్ రూము. నేను, విద్యార్థి మాత్రమే. పిలవడానికి కారణం: రెండు వారాలుగా భోజనానికి ఆలస్యంగా రావడం లేదా రాకపోవడం (మెస్ సిబ్బంది చెప్పారు), 14వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు కారిడార్‌లో తిరగడం (వార్డెన్ చూశారు), 16వ తేదీ టెస్టులో రెండు ప్రశ్నలే రాయడం (నేను చూశాను). విద్యార్థి మాటలు: 'రాత్రికి ఆ రూములో ఉండేది నేను కదా సార్.' చనిపోవాలనిపించిందా అని అడిగాను. 'అప్పుడప్పుడు సార్', 'నిన్న రాత్రి' అన్నాడు. ఎలా అన్నది ఆలోచించానని, ఏమీ దగ్గర పెట్టుకోలేదని, ఈ రాత్రి చేసుకోవాలని లేదని చెప్పాడు. మాట్లాడేటప్పుడు చేతులు వణికాయి, రెండుసార్లు ఏడ్చాడు. 9.20: 14416కు ఫోన్, విద్యార్థి మాట్లాడాడు. 9.40: తండ్రికి ఫోన్, రేపు ఉదయం వస్తామన్నారు. 9.50: ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఈ రాత్రి తోడు: అసిస్టెంట్ వార్డెన్, సిక్ రూము. రేపు చేయాల్సింది: తండ్రితో కలిసి ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగం, నేను వెంట వెళ్తాను. నా అభిప్రాయం: ఒంటరిగా వదలడం ప్రమాదం." కింద పేరు, సంతకం, రాసిన సమయం.

ఇందులో తాను చూసింది, ఇతరులు చెప్పింది, పిల్లవాడు అన్నది వేరువేరుగా ఉన్నాయి. పిల్లవాడి మాటను మర్యాదైన భాషలోకి మార్చకుండా, అతను అన్నట్టే కోట్స్‌లో పెట్టాడు. 'రూములో ఉండేది నేను కదా' అన్న మాటను 'విద్యార్థి అభద్రతా భావం వ్యక్తపరిచాడు' అని రాసి ఉంటే, చదివిన డాక్టరుకు ఆ భయం ఏ గదిదో, ఎవరి వల్లో తెలిసేది కాదు. అభిప్రాయం ఉండవచ్చు, కానీ అది అభిప్రాయమని చెప్పి విడిగా రాయాలి. తర్వాత తప్పు దొరికితే కాగితం చించి మళ్లీ రాయకూడదు. ఆ మాట మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. వారం తర్వాత జ్ఞాపకంతో రాసిన నివేదికకు ఈ విలువ ఉండదు.

ఈ కాగితం స్టాఫ్ రూము టేబుల్ మీద పడి ఉండేది కాదు. తాళం ఉన్న బీరువాలో ఉండాలి. ప్రిన్సిపాల్, కౌన్సెలర్, ఆ పిల్లవాణ్ని చూసుకునే ఒకరిద్దరు తప్ప ఎవరూ చదవకూడదు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా పెట్టడం ఆ పిల్లవాణ్ని రెండోసారి నవ్వులపాలు చేయడమే. మెస్ ఆవిడకు ఇందులోని వివరాలు తెలియనక్కర్లేదు. తాను చూసింది చెప్పడం వల్ల మేలు జరిగిందని మాత్రం ఆమెకు చెప్పాలి.

వేధింపు మీద విచారణకు వేరే ఫైలు. వీడియో స్క్రీన్‌షాట్ తేదీ, గ్రూపు పేరు కనిపించేలా ఒకటి తీసి ఉంచాలి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. అదే వీడియోలో పిల్లల నగ్న దృశ్యాలుంటే సాక్ష్యం పేరుతో కూడా కాపీ తీయకూడదు. ఫోన్‌ను అలాగే ఉంచి పోలీసులకు చెప్పాలి, పోక్సో చట్టం ప్రకారం చెప్పడం తప్పనిసరి. వేధించిన పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడాలి. మన దగ్గర అలవాటైన రాజీ, అంటే అందరినీ ప్రిన్సిపాల్ రూములో నిలబెట్టి చేతులు కలిపించడం, బాధపడ్డవాడికి శిక్ష. అందరి ముందు "సరే" అనక తప్పదు, రాత్రికి మళ్లీ అదే రూము. గది మారాల్సింది కూడా వేధించినవాళ్లే. మన అబ్బాయి సిక్ రూములో పడుకున్నది ఆ ఒక్క రాత్రి భద్రతకు. మరునాటి నుంచి అతని మంచం అతనిదే.

కాలేజీలకు ఇది ఇష్టమైతే చేసే పని కాదిప్పుడు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద లేదా అంతకు మించి విద్యార్థులున్నచోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. వేధింపు మీద గుట్టుగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు వచ్చాక సకాలంలో కదలకపోతే, ఆ నిర్లక్ష్యం విద్యార్థి ప్రాణం మీదికి తెస్తే, దాన్ని సంస్థ దోషంగానే చూస్తామని కోర్టు స్పష్టంగా చెప్పింది. అక్టోబరులో వరండాలో తిట్టి ఊరుకున్న ఆ వార్డెన్ ఒక్క ముక్క రాసి ఉంటే, నవంబరులో లెక్చరర్ ఏమీ తెలియని స్థితి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది కాదు.

అబ్బాయి పది రోజులు ఇంటి దగ్గరుండి, డాక్టరు సరేనన్నాక తిరిగి వచ్చాడు. మొదటి వారం రోజూ, తర్వాత వారానికోసారి లెక్చరర్ అతనితో అయిదు నిమిషాలు కూర్చున్నాడు. ప్రతిసారీ అదే ఫైలులో రెండు వాక్యాలు: తిన్నాడా, పడుకున్నాడా, ఎవరైనా ఏమన్నారా, ఆ ఆలోచన మళ్లీ వచ్చిందా. "బాగానే ఉన్నాడు" అని ఒక్క ముక్కలో రాయలేదు. డిసెంబరులో ఒకచోట "పాత పేరుతో ఎవరో పిలిచారు, రాత్రి నిద్ర లేదు" అని ఉంది, ఆ కిందే డాక్టరుకు ఫోన్ చేసిన సమయం ఉంది.

సంక్రాంతి సెలవులకు ముందు తల్లిదండ్రులను పిలిపించి, అబ్బాయి ఎదుటే ఒక కాగితం రాసుకున్నారు. దిగులు ముంచుకొస్తున్నట్టు అతనికి ముందు ఏమేం తెలుస్తుంది, అప్పుడు తనంతట తాను ఏం చేయగలడు, ఎవరితో మాట్లాడతాడు, డాక్టరు నంబరు, 14416. మాట్లాడే మనుషుల్లో అబ్బాయి మొదట రాయించింది మేనమామ పేరు, రెండోది పక్క మంచం కుర్రాడిది. ఒక ప్రతి అమ్మ దగ్గర ఉంది, ఒకటి ఫైలులో ఉంది. సెలవుల మధ్యలో ఫోన్ చేసే బాధ్యత లెక్చరర్‌ది, తేదీ కూడా వేసుకున్నారు. సెకండియర్‌కు హాస్టల్ బ్లాకు మారి వార్డెన్ మారతాడు కాబట్టి, ఆ రోజు ఫైలు ఎవరి చేతికి ఇవ్వాలో, ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఎక్కడ సంతకం చేయాలో ఆఖరి పేజీలో రాసి పెట్టారు.